ఎక్సెల్‌లో ల్యాప్ టైమ్‌లు కూడితే మొత్తం తప్పు వస్తోంది, సరిచేయడం ఎలా?

అందరికీ నమస్కారం. అనంతపురంలో పిల్లలకు 1600 మీటర్ల పరుగు నేర్పుతున్నాను. ఒక అబ్బాయి నాలుగు ల్యాప్‌లు ఇవి: 1:18.45, 1:22, 1:24.87, 1:19.96.

చేత్తో కూడాను. వందో వంతులు 228, అంటే 28 ఉంచి 2 సెకన్లు పక్కకు. సెకన్లు 83కి ఆ 2 కలిపితే 85, అంటే 25 ఉంచి ఒక నిమిషం పక్కకు. మొత్తం 5:25.28. ఎక్సెల్ SUM మాత్రం 26:03.28 చూపిస్తోంది!

వెతికితే రెండో ల్యాప్ సెల్‌లో 22:00.00 కనిపించింది. చుక్క లేకుండా 1:22 అని కొడితే ఎక్సెల్ దాన్ని గంటా 22 నిమిషాలుగా తీసుకుంటోంది. mm:ss.00 ఫార్మాట్‌లో ఆ గంట కనబడదు, అందుకే ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు.

ఇకపై 1:22.00 అనే కొట్టిస్తాను. పాత షీట్లకు పక్క కాలమ్‌లో ఇది పెట్టి కూడాలనుకుంటున్నాను:

```
=IF(B3>=1/24,B3/60,B3)
```

గంట దాటినవాటిని 60తో భాగిస్తే సరిపోతోంది. కానీ 400 మీటర్ల షీట్లలో 0:58 అని కొట్టినవి 58 నిమిషాలు అయిపోయాయి, అవి గంట లోపే కాబట్టి దీనికి దొరకవు. రెండింటికీ పనికొచ్చే హద్దు ఎంత పెట్టాలి? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి, పిల్లల ర్యాంకులు దీని మీదే ఉన్నాయి.