నోటు, చెల్లు, జడ్జి: తీర్పు పుట్టేది ఎక్కడ?

బెంజిసర్కిల్ కుర్రాడు: లా చదువుతున్నా. జడ్జి సెక్షన్ చూసి తీర్పు రాస్తాడా, ఎవర్ని గెలిపించాలో ముందే అనుకుని సెక్షన్ వెతుక్కుంటాడా?

వన్‌టౌన్ వాసి: రెండోదే. అప్పీలు ఆలస్యమైతే ‘తగిన కారణం’ చూపించాలంటుంది లిమిటేషన్ చట్టం సెక్షన్ 5. 1987లో కాతీజీ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వం చేసిన ఆలస్యాన్ని మన్నించింది. 2012లో పోస్ట్‌మాస్టర్ జనరల్ కేసులో, ఫైళ్లు ఆఫీసుల్లో తిరగడం వల్ల ఆలస్యమైందంటే కుదరదంది. సెక్షన్‌లో అక్షరం మారలేదు, మారింది జడ్జిలే.

కొత్తపేట ప్లీడరు, గుంటూరు: కాతీజీలో ఆలస్యం 4 రోజులు, రెండోదాంట్లో 427. ఆ సంగతి వదిలేస్తే ఎలాగండీ? ‘తగిన కారణం’ లాంటి మాట జడ్జికి చోటిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ మన జిల్లాల్లో రోజూ నడిచే ప్రామిసరీ నోటు దావా చూడండి. 2015 జూన్ 12న రాసిన డిమాండు నోటు మీద 2018 జూన్ 12 లోపు దావా వెయ్యాలి. దాటితే కాలదోషమే. ప్రతివాది ఆ మాట ఎత్తకపోయినా సెక్షన్ 3 కింద కోర్టు కొట్టెయ్యాల్సిందే. అప్పిచ్చింది విధవరాలైనా జడ్జి జాలికి అక్కడ చోటు లేదు.

ఇప్పుడు అదే నోటు వెనక, 2018 మే 3న ‘500 ముట్టింది’ అని చెల్లు, కింద బాకీదారు సంతకం ఉన్నాయనుకోండి. గడువు మళ్లీ ఆ రోజు నుంచి మూడేళ్లు నడుస్తుంది. 2020 జనవరిలో వేసిన దావా నిలుస్తుంది. బాకీదారు లాయరు వెంటనే ‘సంతకం మావాడిది కాదు’ అంటాడు. ఇక కేసంతా ఆ సంతకం మీదే. గడువు ముగిసే ముందు నెలలో ఐదొందల చెల్లు అంటే కొందరు జడ్జిలకు అనుమానం, కొందరికి అది ఊళ్లో మామూలే. సాక్షిగా వచ్చిన నోటు రాసినాయన తడబడ్డాడా, నిలకడగా చెప్పాడా అన్నది కూడా తీర్పులోకి వస్తుంది. అమెరికాలో జడ్జిగా చేసిన జెరోమ్ ఫ్రాంక్ వాదన ఇదే: అనిశ్చితి ఎక్కువగా ఉండేది సూత్రంలో కాదు, కింది కోర్టు వాస్తవాలు తేల్చేచోట.

తెనాలి మిర్చి కొట్టు: ప్లీడరు గారూ, నా నోటుకి మూడేళ్ల నాలుగు నెలలు. చెల్లు లేదు. ఆస్పత్రిలో ఉన్నానని సెక్షన్ 5 పెట్టుకుంటే మన్నిస్తారా?

కొత్తపేట ప్లీడరు, గుంటూరు: లేదండీ. అది అప్పీళ్లకు, పిటిషన్లకే, దావాకు వర్తించదు. ఏ జడ్జి దగ్గరికెళ్లినా అదే జవాబు. బాకీదారు మంచివాడైతే పాత బాకీ తీరుస్తానని కొత్తగా రాసి సంతకం పెట్టించుకోండి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25 కింద చెల్లుతుంది. ఇప్పుడు నోటు వెనక పాత తేదీ వేసి చెల్లు మాత్రం రాయించొద్దు, దొంగ పత్రం కేసులో ఇరుక్కుంటారు.

తెనాలి మిర్చి కొట్టు: మంచివాడైతే ఈపాటికి ఇచ్చేవాడుగా!

వన్‌టౌన్ వాసి: సంతకం ఎవరిదో తేల్చేది జడ్జే కదా, మరి నేనన్నదీ అదేగా.

కొత్తపేట ప్లీడరు, గుంటూరు: సగం. నచ్చినట్టు తేల్చి ఊరుకుంటే కుదరదు, కారణాలు రాయాలి. ఒప్పుకున్న సంతకాలతో పోల్చి తేడా ఎక్కడుందో చూపించాలి. అది లేని తీర్పు అప్పీల్లో పోతుంది.

బెంజిసర్కిల్ కుర్రాడు: సార్, సాక్షిని కళ్లారా చూసింది కింది జడ్జేనని పై కోర్టు సాధారణంగా ఆ నమ్మకంలో వేలు పెట్టదుగా? కారణాలు బాగా రాయడం వచ్చినవాడిని అప్పీలు ఎలా పట్టుకుంటుంది?

కొత్తపేట ప్లీడరు, గుంటూరు: చాలాసార్లు పట్టుకోదు.