మూడు అంచనాల పద్ధతిలో టెస్టింగ్ శ్రమ: ఉమ్మడి ఆలస్యాన్ని ఎలా లెక్కించాలి?

కొత్త రుణ దరఖాస్తు పోర్టల్ టెస్టింగ్‌కు అంచనా వేస్తున్నాను. పనిని విభజించగా దాదాపు ఒకే పరిమాణం గల 16 పనులు తేలాయి. టెస్ట్ కేసుల రచన, అమలు, లోపాలు సరిచేశాక చేసే మళ్లీ పరీక్ష, మూడూ ప్రతి పనిలో ఉన్నాయి. ఒక్కో పనికి ఆశావహ అంచనా 2, సాధారణ అంచనా 3, నిరాశావహ అంచనా 10 పనిదినాలు.

```
E  = (2 + 4*3 + 10) / 6 = 4
SD = (10 - 2) / 6 = 1.33
```

మొత్తం 64 దినాలు. పనులు పరస్పర స్వతంత్రమని భావించి విస్తృతులను కూడితే మొత్తం విచలనం 5.3 మాత్రమే కాబట్టి, రెండు విచలనాలు కలిపినా 75 దాటదు. గత ప్రాజెక్టులో ఇలాగే లెక్కించి 58 చెప్పాము, 81 పట్టింది. ప్రతి పనిలోనూ ఆ 10కి కారణం ఒక్కటే, టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ తరచూ పనిచేయకపోవడం. అది ఆగితే అన్ని పనులూ కలిసే ఆగుతాయి. అందుకే విచలనాలనే నేరుగా కూడి చూశాను: 21.3 వచ్చి, రెండు విచలనాలు కలిపితే అంచనా 107కు చేరింది. అది మరీ ఎక్కువని నా అభిప్రాయం. ఎన్విరాన్‌మెంట్ ఆలస్యాన్ని విడి పనిగా తీసి, మిగతా ఒక్కో పని నిరాశావహ అంచనాను 5కు తగ్గించాను గానీ, ఆ విడి పనికి మూడు అంకెలు దేని ఆధారంగా ఇవ్వాలో తేలలేదు.

ఇలాంటి ఉమ్మడి ఆలస్యానికి మీరు ఆ మూడు అంకెలను ఏ రికార్డుల నుంచి, ఎలా రాబడతారు?