సీసీ వడ్డీ: నా లెక్క 5,100, బ్యాంకు కోసింది 5,220. ఏది రాయాలి?

ఎనుమాముల మిర్చి: సీసీ ఖాతా, రేటు 10.95 శాతం. ఏప్రిల్ 1 నుంచి 10 దాకా 6 లక్షలు వాడకంలో ఉంది. 11న 2 లక్షల చెక్కు వేశా, 4 లక్షలకు దిగింది. 21న రైతులకు 3 లక్షలు ఆన్‌లైన్‌లో పంపా, 7 లక్షలైంది. నెలాఖరు దాకా అంతే. వడ్డీ 5,100 రావాలి, 30న 5,220 కోశారు. పుస్తకంలో ఏది రాయాలి?

జనగామ స్టీల్: ఏడాదికి 360 రోజులు పట్టి ఉంటారన్నా. 5,100 రాసెయ్, మిగతా 120 మేనేజర్‌నే అడుగు.

హన్మకొండ లెక్కలు: 360తో ఓసారి వేసి చూడాల్సింది తమ్మీ. మూడు పదిరోజులకు 60, 40, 70 లక్షలు, కలిపి కోటీ 70 లక్షలు. 10.95తో గుణించి 36,000తో భాగిస్తే 5,170 చిల్లర వస్తుంది, 5,220 రాదు. 36,500తో భాగిస్తే సరిగ్గా 5,100. అంటే మిర్చి గారి గుణకారం సరైందే, ఎక్కడో తేదీ తేడా. ఈ రేటుకు లక్షకు రోజుకు 30 రూపాయలు. 120 అంటే 2 లక్షలకు రెండు రోజులు. 11 రెండో శనివారం కదా, చెక్కు ఎక్కడ వేశారు?

ఎనుమాముల మిర్చి: బ్రాంచి బయట డబ్బాలో వేశా సార్. ఇప్పుడే చూశా, 13న జమ పడింది.

హన్మకొండ లెక్కలు: దొరికింది. 11, 12 తేదీల్లో రోజు ముగిసేసరికి బ్యాంకు లెక్కలో మీ బాకీ ఇంకా 6 లక్షలే. వడ్డీ పడేది ఆ నిల్వ మీద, మీ చిట్టాలోని నిల్వ మీద కాదు. 30వ తేదీతోనే వడ్డీ ఖాతాకు 5,220 డెబిట్, సీసీ ఖాతాకు క్రెడిట్ రాయండి. స్టేట్‌మెంట్ మేలో చేతికొచ్చినా తేదీ మారదు. 5,100 రాశారనుకోండి, మే 1 నుంచి బ్యాంకు 7,05,220 మీద వడ్డీ వేస్తుంటే మీరు 7,05,100 మీద వేస్తుంటారు. ఇక ఏ నెలా కలవదు.

పరకాల ఎరువులు: నాకూ మొన్న 590 కోశారు. వడ్డీలోనే కలిపి రాశా. తప్పా?

హన్మకొండ లెక్కలు: 500 చార్జీ, 90 జీఎస్టీలా ఉంది, స్టేట్‌మెంట్‌లో పక్కన ఏం రాశారో చూడండి. లోన్ వడ్డీ మీద జీఎస్టీ ఉండదు. చార్జీ అయితే విడిగా రాయాలి.

జనగామ స్టీల్: 360 మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ చెక్కు ఎంట్రీని 13కి మార్చేస్తే ఈ గోలే ఉండదు కదా?

హన్మకొండ లెక్కలు: చెక్కు ఇచ్చినాయన తన పుస్తకంలో 11నే రాసుకుని ఉంటాడు. రేపు ఖాతాలు సరిచూసుకుంటే ఆయనతో కలవదు. 11 అలాగే ఉంచి, ఆ రెండు రోజుల తేడా రీకన్సిలియేషన్‌లో చూపాలి.

జనగామ స్టీల్: మా షాపులో మొదటి నుంచీ బ్యాంకులో పడ్డ రోజే రాస్తాం సార్. చెక్కు బౌన్సైతే ఎంట్రీ తిరగరాసే బాధ తప్పుతుంది.

ఎనుమాముల మిర్చి: 5,220 రాసేశా. చెక్కు తేదీ మాత్రం ఇంకా ముట్టుకోలేదు. మా గుమస్తా కూడా జనగామ అన్న మాటే అంటున్నాడు.