అప్‌డేట్: సాగర్ గేట్ల గేమ్ పోస్ట్‌మార్టం రాసేశాం

నా ప్రశ్న: 48 గంటల గేమ్ జామ్‌లో నాగార్జునసాగర్ డ్యాం గేట్లెత్తే గేమ్ చేశాం, జామ్ అయిపోయింది. పోస్ట్‌మార్టం రాద్దామంటే "టైం చాలలేదు" తప్ప ఏమీ తోచట్లేదు. ఎట్లా రాయాలి?

అప్‌డేట్: కమిట్ల టైం ముందేసుకుని రాయమన్న అన్నకు థ్యాంక్స్. నల్లగొండలో మా రూంలోనే ముగ్గురం కూర్చుని చూశాం. టైం బాగానే ఉంది. బ్రౌజర్ బిల్డ్ మాత్రం మొదటిసారి తీసింది ఆఖరి రోజు సాయంత్రం. అందులో నీళ్లొస్తున్నాయి, గేట్లే లేవు! విండోస్ ల్యాప్‌టాప్‌లో మాత్రం అంతా కనిపిస్తోంది. ఫైల్ పేరు `gate.png`, కోడ్‌లో ఇట్లా ఉంది:

```
load("res://Gate.png")
```

విండోస్ పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టించుకోదు. మేం వాడిన గేమ్ ఇంజిన్ గోడో ఎక్స్‌పోర్ట్ చేసిన ప్యాక్‌లో మాత్రం ఆ తేడా లెక్కే. ఆ ఒక్క అక్షరం వెతకడంలోనే సౌండ్‌కు పెట్టుకున్న టైం పోయింది.

కలిసొచ్చింది ఒకటే: సాగర్‌కు 26 క్రెస్ట్ గేట్లున్నా మేం మూడే పెట్టాం. ఆడినవాళ్లకు ఏ గేటు ఎప్పుడెత్తాలో వెంటనే తెలిసింది.

వచ్చే జామ్‌కు రెండే రూల్స్: ఫైల్ పేర్లన్నీ చిన్నక్షరాల్లోనే. మొదటి గంటలోనే ఖాళీ ప్రాజెక్టుకు బ్రౌజర్ బిల్డ్ తీసి, ఫోన్‌లో తెరిచి చూడాలి. ఆ తర్వాత బొమ్మలు చేరినప్పుడల్లా మళ్లీ తీయాలి. ఆ పని మా తమ్ముడికి అప్పగించాం.