అప్‌డేట్: పొట్టి గోడనే ఎందుకు జరపాలో అర్థమైంది

గోడల ఎత్తుల లిస్ట్ ఇస్తే, మధ్యలో అన్నిటికన్నా ఎక్కువ నీళ్లు పట్టే రెండు గోడలను కనుక్కునే లెక్క ఇది; నీళ్లు అంటే పొట్టి గోడ ఎత్తు × రెండు గోడల మధ్య దూరం. నా ప్రశ్న: రెండు చివర్లలో చెరో పాయింటర్ పెట్టి, పొట్టి గోడవైపు పాయింటర్‌నే లోపలికి జరుపుతూ పోతే మంచి జవాబు మధ్యలో తప్పిపోదా?

తప్పిపోదు. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. `[3, 9, 4, 8, 2]` తీసుకుని కాగితం మీద వేసి చూశాను. చివరి గోడలు 3, 2; దూరం 4; నీళ్లు 2 × 4 = 8. ఇప్పుడు కుడివైపు 2ని అలాగే ఉంచి ఎడమ గోడను మార్చితే, అది ఎంత పొడవైనా నీటిమట్టం 2 దాటదు, దూరమేమో తగ్గుతుంది. 9తో జత కట్టినా 6 మాత్రమే. అంటే 2తో మిగిలిన జతలన్నీ 8 కన్నా తక్కువే, దాన్ని నిశ్చింతగా వదిలేయొచ్చు. బదులుగా 3ని జరిపి ఉంటే 3, 8ల జత (3 × 3 = 9) చూడకుండానే పోయేది! తర్వాత 3ని వదిలితే 9, 8ల మధ్య 16 వస్తుంది, అదే గరిష్ఠం. రెండు గోడలూ సమానమైతే ఏది జరిపినా ఫర్వాలేదు.