ప్రొఫైల్ చూసేవారు చాలామంది, రిక్రూటర్ల సందేశాలు మాత్రం లేవు

రమ్య_టెస్టింగ్: లింక్డ్ఇన్‌లో గత 90 రోజుల్లో నా ప్రొఫైల్‌ను 180 మంది చూశారు. రిక్రూటర్ల సందేశాలు వచ్చినవి రెండే, అవీ సేల్స్ ఉద్యోగాలకు. హైదరాబాద్‌లో ఆరేళ్లుగా ఆటోమేషన్ టెస్టింగ్ చేస్తున్నాను. లోపం ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి? ఫొటో మార్చాలా?

కిరణ్ జావా: ముందు ఆ ‘ఓపెన్ టు వర్క్’ ఆకుపచ్చ పట్టీ తీసేయండి. దాన్ని చూస్తే రిక్రూటర్లు దగ్గరికి రారు. నేను తీసేసిన వారంలోనే ఫోన్లు మొదలయ్యాయి.

శ్రీవల్లి: పదకొండేళ్లుగా ఐటీ నియామకాలు చేస్తున్నాను, పట్టీ చూసి ఎవరినీ వదిలేయలేదు. పైగా పట్టీ లేకుండా, ఉద్యోగం వెతుకుతున్నారన్న సంగతి రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చు. రమ్య గారూ, ఆ 180 మంది ఎవరు? చూసినవారి హోదాలు చదవండి.

రమ్య_టెస్టింగ్: ఉచిత ఖాతా కాబట్టి కొందరే కనిపిస్తున్నారు. వారు టెస్టర్లు, విద్యార్థులు. సెలీనియం ప్రశ్నల మీద పోస్టు పెట్టిన మరునాడే సంఖ్య పెరుగుతోంది.

శ్రీవల్లి: అంటే మీ పోస్టులు చదివి వస్తున్నారు, ఉద్యోగి కోసం వెతుకుతూ కాదు. వెతుకులాటలో ఎన్నిసార్లు కనిపించారో `Search appearances` దగ్గర విడిగా ఉంటుంది. అది తక్కువైతే మీరు వారికి దొరకడం లేదు. అది ఎక్కువగా ఉండి ప్రొఫైల్ తెరవకపోతే శీర్షికను, ఊరిని అనుమానించాలి. రిక్రూటర్లు తెరిచి చూసి వెళ్లిపోతుంటే అనుభవం రాసిన తీరు చూడాలి.

రమ్య_టెస్టింగ్: వారానికి 6. శీర్షిక `Senior Associate | Lifelong Learner`.

వెంకట్90: ఇవన్నీ వృథా. అసలు అడ్డంకి మూడు నెలల నోటీసు. నౌక్రీలో నేను 15 రోజులని పెట్టాక ఫోన్లు ఆగలేదు.

శ్రీవల్లి: మొదటి ఫోన్లోనే చివరి పనిదినం అడుగుతాం. అబద్ధమని తేలితే ఆ పేరు పక్కన పెట్టేస్తాం.

వెంకట్90: మూడు నెలలు కట్టిపడేసే కంపెనీలది న్యాయమా? మాకే నీతులా?

కిరణ్ జావా: ఈ మాట నిజం. నిజం చెప్పినవాడికి ఫోనే రాదు.

శ్రీవల్లి: ఆ బాధ నాకు తెలుసు, నేనూ మంచి అభ్యర్థులను అలాగే పోగొట్టుకున్నాను. కానీ వారానికి 6 సార్లే కనిపించేవారి నోటీసు దాకా ఎవరు వెళ్తారు? రమ్య గారూ, ‘సీనియర్ అసోసియేట్’ మీ కంపెనీ లోపలి హోదా. మేము చేసే పని పేరు, పనిముట్ల పేర్లు టైపు చేస్తాం. ఇలా మార్చండి: `Automation Test Engineer | Selenium, Java, API Testing`. ఏ ప్రాజెక్టులో వాడారో అక్కడా రాయండి. ఊరు ఏమని ఉంది?

రమ్య_టెస్టింగ్: వరంగల్.

శ్రీవల్లి: హైదరాబాద్ అని వడపోస్తే మీరు రాకపోవచ్చు. కానీ రెండూ ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు. శీర్షిక మార్చి రెండు వారాలు చూడండి.

లావణ్య_ఫ్రెషర్: నాకు 12 మందే చూశారు. వీక్షణలు పెంచడం ఎలా?

రమ్య_టెస్టింగ్: రెండు వారాలైంది. శీర్షిక ఒక్కటే మార్చాను. వారానికి 6 కాస్తా 23 అయింది. చెన్నై నుంచి ఒక సందేశం వచ్చింది, మాన్యువల్ టెస్టింగ్‌కు. ఇప్పుడు ఊరు మారుస్తున్నాను.

వెంకట్90: నోటీసు ఎంతని అడిగారా?