ప్రాంప్టర్‌లో లైను ఎక్కడ ఆపాలె?

నమస్తే. నల్లగొండలో చిన్న యూట్యూబ్ ఛానల్‌కు వార్తలు చదువుతున్న. ప్రాంప్టర్ ఆరడుగుల దూరంల ఉంటది. అక్షరం పెద్దగ చేస్తే లైనుకు మూడు నాలుగు మాటలే పడుతున్నయి. నిన్న "నీళ్లిచ్చే అవకాశం" దగ్గర లైను తెగి "లేదు" కిందికి పోయింది. నేను "ఉంది" అనేసిన. రైతులు వినే వార్త, చాన బాధైంది. ఇప్పుడిట్ల రాస్తున్న:

సాగర్ ఎడమ కాలువకు /
నీళ్లిచ్చే
అవకాశం లేదు. //

"1,250 క్యూసెక్కులు" బదులు "పన్నెండు వందల యాభై" అని రాస్తే ఆగకుండ చదువుతున్న. కని లైన్ల మధ్య ఎడం తక్కువైతే పైలైను ఒత్తులు కిందిలైను గుడులకు తగులుతున్నయి. ఎంత ఎడం పెట్టాలె? "లీసెస్టర్ (లెస్టర్)" అని పెడితే రెండూ చదివేసిన. పలికేదొక్కటే రాయాల్నా, రంగు మార్చాల్నా? రోజూ చదివేటోళ్లు జర చెప్పండి.